కుక్కర్ విజిల్ వెనక ఒక కూడిక, ఒక తీసివేత

మా ఇంట్లో మొదట ఉన్న కుక్కర్ బయటి మూతది. వెయిట్ విడిగా ఉండేది. చిన్నప్పుడు మూత బిగించగానే వెయిట్ తగిలించబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేది. "ఆగరా, ఆవిరి గట్టిగా రానీ, అప్పుడు పెడుదువు గాని" అనేది. ఎందుకని అడిగితే, "లోపలి గాలి పోవాలి. లేకపోతే పప్పు ఉడకదు" అని తేల్చేసేది. అంతకుమించి వివరం ఉండేది కాదు. ఆ మాట వెనక పెద్ద లెక్క ఉందని కాలేజీలో ప్రావస్థా నియమం చదివిన తర్వాతే తెలిసింది. ఆ లెక్కలో కష్టమైన గణితమేమీ లేదు. ఒక కూడిక, ఒక తీసివేత.

కుక్కర్‌లో నీళ్ళు మరుగుతున్నాయి. లోపల గాలి లేదు, నీళ్ళూ ఆవిరే ఉన్నాయి. ఇప్పుడు ఒక ప్రశ్న. లోపలి ఒత్తిడి, వేడి ఈ రెండింటిలో మనం ఎన్నింటిని మన ఇష్టప్రకారం పెట్టుకోవచ్చు? ఒక్కదాన్నే. వెయిట్ బరువు ఒత్తిడిని నిర్ణయిస్తుంది. మామూలు ఇంటి కుక్కర్‌లో అది బయటి గాలి ఒత్తిడి కంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఎక్కువ. ఒత్తిడి అలా కుదిరాక వేడి ఎంతుండాలో నీళ్ళే నిర్ణయించుకుంటాయి, సుమారు 120 డిగ్రీలని. గ్యాస్ మంట రెట్టింపు చేసినా అది 130 కాదు. ఆవిరి ఎక్కువగా తన్నుకొస్తుంది, విజిళ్ళు త్వరత్వరగా పడతాయి, అంతే.

అదే కుక్కర్‌లో గాలి ఇరుక్కుపోతే సంగతి వేరు. వెయిట్ లేచేది మొత్తం ఒత్తిడికి. అందులో ఆవిరి వాటా ఎంత, గాలి వాటా ఎంత అని అది అడగదు. మొత్తం ఒత్తిడి రెండు అట్మాస్ఫియర్లు ఉండి అందులో సగం గాలిదే అయితే, ఆవిరి వాటా ఒక్క అట్మాస్ఫియరే. అంటే నీళ్ళ వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. విజిల్ వేస్తుంది, పప్పు మాత్రం మూత లేని గిన్నెలో ఉడికినట్టే ఉడుకుతుంది. ఒత్తిడి పెట్టాక కూడా వేడి ఇంకా ఎటైనా జరగడానికి వీలుంది. అమ్మ ఆపింది ఆ అదనపు స్వేచ్ఛనే.

గిబ్స్ చేసిన లెక్క

ఈ "ఎన్ని మన ఇష్టం" అన్న ప్రశ్నకు అన్ని పదార్థాలకూ పనికొచ్చే జవాబు చెప్పినవాడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జోసయా విల్లర్డ్ గిబ్స్. 1870లలో ఆయన రాసిన సుదీర్ఘ వ్యాసం కనెక్టికట్ అకాడమీ పత్రికలో అచ్చయింది. ఆ గణితం చూసి చాలామంది రసాయన శాస్త్రవేత్తలు దాని జోలికి పోలేదు. తర్వాత హాలెండ్‌లో రోజెబూమ్ ఆ నియమాన్ని ప్రయోగశాలలో ఒక్కొక్క పదార్థానికీ వర్తింపజేసి చూపించాకే అది అందరి చేతికీ వచ్చింది. నియమం ఇది:

```
F = C − P + 2
```

C అంటే వ్యవస్థలో ఉన్న సరుకులు ఎన్ని అని. పుస్తకాల్లో అనుఘటకాలంటారు. అందులోని ప్రతి భాగం కూర్పునూ చెప్పడానికి కనీసం ఎన్ని పదార్థాల పేర్లు కావాలో అన్ని. ఉప్పునీటికి రెండు చాలు, ఉప్పు, నీరు. అందులో సోడియం అయాన్లు, క్లోరైడ్ అయాన్లు విడివిడిగా ఉన్నాయి కదా అని మూడు, నాలుగు అనకూడదు. అవి ఎప్పుడూ జతగానే వస్తాయి, ఒకటి పెంచి ఒకటి తగ్గించడం మన చేతుల్లో లేదు.

P అంటే ఫేజ్‌లు, తెలుగు పుస్తకాల్లో ప్రావస్థలు. అంతటా ఒకే తీరుగా ఉండి, పక్కదానితో స్పష్టమైన సరిహద్దు ఉన్న భాగం ఒక ఫేజ్. గ్లాసులో నీళ్ళు ఒక ఫేజ్, అందులో తేలే ఐసు ఇంకొకటి. ఐసు ఒక్క గడ్డగా ఉన్నా వంద ముక్కలుగా ఉన్నా ఒక్క ఫేజే. వాయువులు ఎన్ని ఉన్నా కలిసిపోతాయి కాబట్టి అన్నీ కలిపి ఒక్కటే. నీళ్ళూ నూనే పోస్తే రెండూ ద్రవాలే అయినా ఫేజ్‌లు రెండు.

F మనకు మిగిలే స్వేచ్ఛ. ఏ ఫేజూ మాయం కాకుండా, కొత్తది పుట్టకుండా మనం విడివిడిగా మార్చగలిగిన సంగతుల సంఖ్య. వేడి, ఒత్తిడి, ఒక్కో ఫేజ్‌లో సరుకుల పాళ్ళు, ఇవే ఆ సంగతులు. ఎంత ఐసు, ఎంత నీరు అన్న పరిమాణం ఈ లెక్కలోకి రాదు. చాలామంది విద్యార్థులు తడబడేది ఇక్కడే.

సూత్రం ఎలా వచ్చిందో కూడా చూడొచ్చు. మొదట తెలియని సంగతులు లెక్కపెడదాం. ఒక్కో ఫేజ్ కూర్పు చెప్పడానికి C − 1 పాళ్ళు చాలు, చివరిది నూటిలోంచి తీసేస్తే వస్తుంది. అలాంటి ఫేజ్‌లు P, పైగా వేడి, ఒత్తిడి అని మరో రెండు. కాబట్టి మొత్తం P(C − 1) + 2. ఇక షరతులు. సమతౌల్యం అంటే ఏ సరుకుకూ ఒక ఫేజ్ వదిలి ఇంకో ఫేజ్‌లోకి పోవాలన్న మొగ్గు ఉండకూడదు. ఆ మొగ్గు అన్ని ఫేజ్‌లలోనూ సమానం కావాలి కాబట్టి ఒక్కో సరుకుకు P − 1 సమీకరణాలు, అన్నిటికీ కలిపి C(P − 1). మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే C − P + 2 మిగులుతుంది. సరుకు పెరిగితే స్వేచ్ఛ పెరుగుతుంది, ఫేజ్ పెరిగితే తగ్గుతుంది.

కుక్కర్‌కి వేసి చూడండి. సరుకు ఒకటి, ఫేజ్‌లు రెండు, 1 − 2 + 2 = 1. గాలి చేరితే దాన్ని ఒక సరుకుగా తీసుకున్నా 2 − 2 + 2 = 2. అమ్మ చెప్పింది ఈ ఒకటికీ రెండుకూ ఉన్న తేడానే.

మూడూ కలిసే చోటు

ఒక్క సరుకే ఉండి ఫేజ్‌లు మూడైతే F = 1 − 3 + 2 = 0. ఏమీ మన ఇష్టం కాదు. ఐసు, నీరు, ఆవిరి మూడూ పక్కపక్కనే నిలకడగా ఉండాలంటే వేడి 0.01 డిగ్రీ సెల్సియస్, ఒత్తిడి 611.66 పాస్కల్ ఉండి తీరాలి. అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో నూట అరవయ్యో వంతు కన్నా తక్కువ. దీన్నే త్రిక బిందువంటారు.

గ్లాసులో ఐసు ముక్కలు వేసిన నీళ్ళు సున్నా దగ్గర ఉంటాయి కదా, ఆ 0.01 ఎక్కడిది? గ్లాసులో ఉన్నది ఒక్క సరుకు కాదు. పైన గాలి ఉంది, దాని ఒత్తిడి ఉంది. ఆ ఒత్తిడి వల్ల కరిగే స్థానం 0.0075 డిగ్రీల మేర దిగుతుంది. నీళ్ళలో కరిగిన గాలి వల్ల ఇంకో 0.0024 దిగుతుంది. రెండూ కలిస్తే దాదాపు ఆ వందో వంతు డిగ్రీ. అందరికీ తెలిసిన సున్నా, గాలి కలిసిన నీటి సున్నా. నీటి సొంత గుర్తు 0.01.

స్వేచ్ఛ సున్నా కావడమే ఇక్కడ లాభం. ఎవరి ఇష్టం మీదా ఆధారపడదు కాబట్టి ప్రపంచంలో ఎక్కడ చేసినా అదే వేడి వస్తుంది. అందుకే 1954 నుంచి 2019 దాకా కెల్విన్ అనే కొలతను ఈ బిందువు మీదే నిలబెట్టారు. నీటి త్రిక బిందువు 273.16 కెల్విన్ అని నిర్వచనం. 2019 మే 20 నుంచి నిర్వచనం మారింది, కాని థర్మామీటర్లు సరిచూడడానికి ఇప్పటికీ ఆ గాజు సెల్లే వాడతారు.

ఆ సెల్ చూడడానికి పెద్ద గాజు సీసాలా ఉంటుంది. మధ్యలో పైనుంచి లోపలికి దిగిన ఒక గొట్టం, థర్మామీటర్ పెట్టడానికి. శుద్ధమైన నీరు నింపి, గాలంతా తోడేసి, గాజును కరిగించి మూసేస్తారు. వాడేముందు సెల్‌ను చల్లబరిచి, ఆ గొట్టంలో డ్రై ఐస్ పొడి పోస్తారు. గొట్టం చుట్టూ ఐసు తొడుగులా పెరుగుతుంది. తర్వాత గొట్టంలోకి కాస్త గది వేడి నీళ్ళు దించితే గాజును అంటుకున్న ఐసు పలుచగా కరిగి తొడుగు వదులవుతుంది. సెల్‌ను చేత్తో తిప్పితే తొడుగు గొట్టం చుట్టూ స్వేచ్ఛగా తిరగాలి. అప్పుడు ఐసు, నీరు, ఆవిరి మూడూ ఉన్నట్టు. గదిలోంచి వేడి కొంచెం లోపలికి వచ్చినా అంకె కదలదు, ఐసు కొంచెం కరుగుతుందంతే. మారేది పరిమాణం, వేడి కాదు.

ఈ సెల్ చెడిపోయేది కూడా కుక్కర్ లాగే, గాలి దూరితే. సరుకులు రెండవుతాయి, F సున్నా నుంచి ఒకటికి పెరుగుతుంది, అంకె జారడం మొదలవుతుంది. పట్టుకోవడం సులువు. సెల్‌ను మెల్లగా వంచితే లోపలి నీళ్ళు గాజుకు తగిలి "టక్" అని గట్టి చప్పుడు రావాలి. నీటికీ గాజుకూ మధ్య మెత్తగా అడ్డుపడే గాలి లేదని ఆ చప్పుడు చెబుతుంది. చప్పుడు మందంగా వచ్చినా, పై కొసలో చిక్కిన బుడగ నీటి బరువుకు నలిగి దాదాపు మాయం కాకపోయినా లోపల గాలి ఉన్నట్టే.

ఇక్కడ నియమం ఒక హద్దు కూడా గీస్తుంది. శుద్ధమైన నీటికి నాలుగు ఫేజ్‌లు ఒకేచోట నిలబడగలవా? 1 − 4 + 2 = −1. స్వేచ్ఛ అప్పులోకి పోదు కాబట్టి నిలబడలేవు. పెద్ద ఒత్తిడిలో ఐసుకు రకరకాల రూపాలున్నాయి, వాటి మధ్య త్రిక బిందువులు చాలా ఉన్నాయి, నాలుగు కలిసే బిందువు మాత్రం ఒక్కటీ లేదు.

కుల్ఫీ బండి దగ్గర

రెండు సరుకుల కథ చూడాలంటే కుల్ఫీ బండి దగ్గరికి వెళ్ళాలి. కుండలో కొట్టిన ఐసు, దాని మీద గుప్పెళ్ళతో రాళ్ళ ఉప్పు, మధ్యలో పాలు పోసిన రేకు గొట్టాలు. "ఉప్పు వెయ్యకపోతే గట్టిపడదు సార్" అంటాడు బండాయన. నిజమే. పాలలో చక్కెర ఉంది కాబట్టి అవి సున్నా దగ్గర గడ్డకట్టవు. మామూలు ఐసు సున్నా కంటే కిందికి దింపలేదు.

ఇక్కడ లెక్కలో ఒక చిన్న మార్పు. కుండ బయట గాలిలో ఉంది, ఒత్తిడి ఎంతన్నది ఆకాశం నిర్ణయించేసింది. రెండు స్వేచ్ఛల్లో ఒకటి ఖర్చయిపోయింది. కాబట్టి F = C − P + 1 అని వాడతాం, పైనున్న గాలినీ ఆవిరినీ ఫేజ్‌గా లెక్కపెట్టం. పరీక్షల్లో తప్పులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. త్రిక బిందువుకి +1 వాడితే −1 వస్తుంది, యుటెక్టిక్‌కి +2 వాడితే ఒకటి వస్తుంది. ఆ ఒకటి నిజానికి తప్పు కాదు. ఒత్తిడిని మార్చితే యుటెక్టిక్ కూడా కొంచెం జరుగుతుందని అర్థం. ఒత్తిడి కట్టేసి ఉన్నప్పుడు ఏ సూత్రం, కట్టేయనప్పుడు ఏ సూత్రం అని చూసుకుంటే చాలు.

ఇప్పుడు ఒక కిలో ఉప్పునీళ్ళు తీసుకుందాం. 900 గ్రాముల నీరు, 100 గ్రాముల ఉప్పు. ఒక్క ద్రవమే ఉంది, F = 2 − 1 + 1 = 2. ఉప్పు పాలూ మన ఇష్టమే, వేడీ మన ఇష్టమే. మెల్లగా చల్లబరుస్తూ పోతే −6.6 డిగ్రీల దగ్గర మొదటి ఐసు పలుకు కనిపిస్తుంది. అది శుద్ధమైన నీటి ఐసు, ఉప్పును తనలోకి రానివ్వదు. ఫేజ్‌లు రెండయ్యాయి, స్వేచ్ఛ ఒకటికి తగ్గింది. ఇక వేడి ఎంతో చెబితే మిగిలిన ద్రవంలో ఉప్పెంతో దానంతటదే తేలుతుంది. ఉదాహరణకు −16.5 డిగ్రీల దగ్గర ఆ ద్రవం 20 శాతం ఉప్పుతో ఉండాలి. మన 100 గ్రాముల ఉప్పూ ద్రవంలోనే ఉంది కాబట్టి ద్రవం 500 గ్రాములు, ఐసు 500 గ్రాములు.

ఇంకా చల్లబరిస్తే ఐసు పెరుగుతుంది, ద్రవం చిక్కనవుతుంది. −21.1 డిగ్రీల దగ్గర ద్రవంలో ఉప్పు 23.3 శాతానికి చేరుతుంది. అప్పటికి ద్రవం 429 గ్రాములు, ఐసు 571. ఇక్కడ మూడో ఫేజ్ పుడుతుంది, ఒక్కో ఉప్పు జతకు రెండు నీటి అణువులు పట్టుకున్న స్ఫటికం. F = 2 − 3 + 1 = 0. ఎంత చలి పెట్టినా థర్మామీటర్ ఆగిపోతుంది. ఆ 429 గ్రాములూ ఐసుగా, ఉప్పు స్ఫటికంగా విడిపోయి చివరి చుక్క గట్టిపడేదాకా అక్కడే. అది అయిపోయాక ఒక ఫేజ్ తగ్గుతుంది, స్వేచ్ఛ ఒకటి తిరిగొస్తుంది, అంకె మళ్ళీ కిందికి దిగుతుంది.

ఈ ఆగిపోవడమే పాతరోజుల్లో మోసం చేసింది. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ గత్రీ ఇలాంటి ఉప్పు ద్రవాలను చల్లబరిచి చూశాడు. వేడి మారదు, పాళ్ళు మారవు, కాబట్టి ఇదొక కొత్త సమ్మేళనం అనుకుని క్రయోహైడ్రేట్ అని పేరు కూడా పెట్టాడు. తర్వాత సూక్ష్మదర్శినిలో అది రెండు స్ఫటికాల సన్నని మిశ్రమమని తేలింది. వేడి కదలకపోవడానికి కొత్త పదార్థం ఉండనక్కర్లేదు, స్వేచ్ఛ సున్నా అయితే చాలు. యుటెక్టిక్ అనే మాటనూ 1884లో ఆయనే తెచ్చాడు. గ్రీకులో సులువుగా కరిగేదని అర్థం.

కుల్ఫీ కుండలో ఇదంతా వెనక్కి నడుస్తుంది. ఐసు, ఉప్పు, ఉప్పునీళ్ళు మూడూ కలిసి ఉన్నాయంటే వాటి సమతౌల్యం −21.1 దగ్గరే. అందుకే ఐసు కరుగుతూ, ఉప్పు కరుగుతూ, చుట్టూ ఉన్న వేడిని పాలతో సహా లాగేస్తాయి. బయటి ఎండ వేడి కూడా లోపలికి వస్తుంటుంది, కుండలో అంతా సమానంగా కలవదు, కాబట్టి నిజంగా అంత కిందికి చేరకపోవచ్చు. కాని బండాయన చూసుకునేది ఒక్కటే, ఉప్పు గళ్ళు ఇంకా కనిపిస్తున్నాయా అని. గళ్ళు కరిగిపోతే ఫేజ్ ఒకటి తగ్గినట్టు, స్వేచ్ఛ ఒకటి వచ్చినట్టు. ఐసు కరిగేకొద్దీ ఉప్పునీళ్ళు పలుచనవుతాయి, వేడి మెట్టుమెట్టుగా పైకెక్కుతుంది. ఆయన ఇంకో గుప్పెడు ఉప్పు వేస్తాడు. మూడు పాళ్ళ ఐసుకి ఒక పాలు ఉప్పు అన్న అంచనా కూడా ఆ 23.3 శాతానికి దగ్గరే.

డ్రై సోల్డర్ ఎందుకొస్తుంది

లోహాల్లోనూ ఇదే లెక్క. తగరం 232 డిగ్రీల దగ్గర, సీసం 327 దగ్గర కరుగుతాయి. రెండూ 62, 38 పాళ్ళలో కలిపితే 183కే కరుగుతుంది. పాత టీవీలు, రేడియోలు బాగుచేసేవాళ్ళు వాడే 63/37 సోల్డర్ తీగ ఈ యుటెక్టిక్‌కి దగ్గరిది. చల్లారేటప్పుడు ద్రవం, సీసం స్ఫటికం, తగరం స్ఫటికం మూడూ ఒకేసారి ఉంటాయి, స్వేచ్ఛ సున్నా. అందుకే జాయింటు ద్రవంగా ఉన్నదల్లా ఒక్కసారిగా గట్టిపడుతుంది.

చౌకగా దొరికే 60/40 తీగ చూడడానికి అలాగే ఉంటుంది. కాని అది 190కి కాస్త అటూ ఇటూగా గట్టిపడడం మొదలుపెట్టి 183 దగ్గర ముగిస్తుంది. ఆ మధ్యలో సీసం పలుకులు ద్రవంలో తేలుతూ ఉంటాయి, ఫేజ్‌లు రెండు, స్వేచ్ఛ ఒకటి. జావలాంటి స్థితి అది. ఆ క్షణంలో వైరు కదిలిందా, పలుకులు చెదిరి జాయింటు మెరుపు లేకుండా బూడిదరంగులో, గరుగ్గా మిగులుతుంది. పైకి అతికినట్టే ఉంటుంది, కరెంటు మాత్రం ఒకసారి పోతుంది, ఒకసారి పోదు. మెకానిక్కులు "డ్రై సోల్డర్ అయింది" అనేవాటిలో ఇదొక రకం.

అదే జావ స్థితి ఇంకొకరికి వరం. పాతకాలపు ప్లంబర్లు సీసం గొట్టాలు అతకడానికి తగరం 30, సీసం 70 పాళ్ళ సోల్డర్ వాడేవారు. అది 250 దాటిన చోట మొదలై 183 దాకా జావగానే ఉంటుంది. గుడ్డతో దాన్ని గొట్టం చుట్టూ పూసి, రుద్ది నునుపు చేసేంత సమయం చిక్కేది. ఒకరికి స్వేచ్ఛ సున్నా కావాలి, ఇంకొకరికి ఒకటి కావాలి.

మూడు కొండలు, మూడు లోయలు

మూడు సరుకులంటే పాళ్ళు చెప్పడానికి రెండు అంకెలు కావాలి, ఒక గీత చాలదు. అందుకని సమబాహు త్రిభుజం గీస్తారు. ఒక్కో మూల ఒక్కో శుద్ధ లోహం. లోపలి ప్రతి చుక్కా ఒక మిశ్రమం. ఏ మూలకి దగ్గరైతే ఆ లోహం ఎక్కువ. ఇక వేడిని ఎత్తుగా ఊహించుకోండి. మూడు మూలల్లో మూడు కొండలు, కొండకీ కొండకీ మధ్య లోయ, మూడు లోయలూ దిగివచ్చి కలిసే ఒక గుంట.

బిస్మత్, సీసం, తగరం తీసుకుందాం. బిస్మత్ 271 దగ్గర కరుగుతుంది. త్రిభుజం అంచుల మీద మూడు లోయలు మొదలవుతాయి. సీసం, తగరం మధ్య 183 దగ్గర, బిస్మత్, తగరం మధ్య సుమారు 138 దగ్గర, బిస్మత్, సీసం మధ్య సుమారు 125 దగ్గర. మూడూ లోపలికి దిగి 96 డిగ్రీల దగ్గర కలుస్తాయి. అక్కడి ద్రవంలో రమారమి బిస్మత్ 52, సీసం 32, తగరం 16 పాళ్ళు. మూడు లోహాల్లో ఏదీ విడిగా 230 లోపు కరగదు, కలిపితే మరిగే నీళ్ళలో కరిగిపోతుంది.

ఇప్పుడు 100 గ్రాముల మిశ్రమం కరిగిద్దాం. బిస్మత్ 70, సీసం 15, తగరం 15. అంతా ద్రవమే, F = 3 − 1 + 1 = 3. చల్లారుతుంటే మొదట బిస్మత్ పలుకులు రాలతాయి, ఇప్పుడు F = 2. సీసం, తగరం పలుకుల్లోకి దాదాపుగా పోవు కాబట్టి ద్రవంలో ఆ రెండూ సరిసమానంగానే ఉంటాయి. త్రిభుజం మీద చూస్తే ద్రవం బిస్మత్ మూల నుంచి తిన్నగా దూరం జరుగుతుంది.

అలా జరిగి జరిగి బిస్మత్, తగరం లోయలో పడుతుంది. లోయ తిన్నగా ఉందనుకుని లెక్కేస్తే అక్కడి ద్రవంలో బిస్మత్ 53 శాతం పైన, మిగతాది సీసం, తగరం చెరిసగం. ఇక తగరం పలుకులు కూడా మొదలవుతాయి. ఫేజ్‌లు మూడు, F = 1. రెండు సరుకుల లోకంలో మూడు ఫేజ్‌లు వచ్చాయంటే అంకె ఆగిపోయేది. ఇక్కడ ఆగదు, మూడో సరుకు తెచ్చిన స్వేచ్ఛ ఒకటి మిగిలే ఉంది. ద్రవం లోయ వెంట కిందికే జారాలి, పక్కకు పోవడానికి లేదు. వేడి ఎంతో చెబితే అందులో మూడు లోహాల పాళ్ళూ తేలిపోతాయి.

చివరికి 96 దగ్గర నాలుగో ఫేజ్ వస్తుంది. అది శుద్ధ సీసం కాదు, సీసమూ బిస్మత్తూ కలిసిన ఒక సమ్మేళనం. అయినా సరుకులు మూడే, ఎందుకంటే ఆ సమ్మేళనాన్ని కూడా ఆ రెండు పేర్లతోనే చెప్పొచ్చు. F = 3 − 4 + 1 = 0. అప్పటికి ఎంత ద్రవం మిగిలింది? సీసమంతా ద్రవంలోనే ఉందనుకుంటే, 15 గ్రాముల సీసం 32 శాతం కావాలంటే ద్రవం 47 గ్రాములుండాలి. దాదాపు సగం అక్కడే, ఒకే వేడి దగ్గర గట్టిపడుతుంది.

ఇదంతా కంటికి కనిపించదు, గ్రాఫులో కనిపిస్తుంది. మూసలో థర్మామీటర్ తీగ పెట్టి నిమిషనిమిషానికీ అంకె రాసుకుంటే గీత మొదట వేగంగా దిగుతుంది, బిస్మత్ రాలడం మొదలయ్యాక వాలు తగ్గుతుంది, లోయలో పడ్డాక ఇంకోసారి మారుతుంది, 96 దగ్గర బల్లపరుపవుతుంది. ఒక్కో విరుపు దగ్గర ఒక్కో స్వేచ్ఛ పోయింది. ఒక్కోసారి గీత విరగాల్సిన చోట విరగకుండా కిందికి దిగి, ఠక్కున పైకి ఎగిరి, అప్పుడు సర్దుకుంటుంది. పలుకు మొదలవడానికి ఆలస్యమైందన్నమాట. ఈ నియమం సమతౌల్యానికే చెల్లుతుంది, అక్కడికి చేరేందుకు ఎంతసేపు పడుతుందో చెప్పదు. మూసను కలుపుతూ మెల్లగా చల్లబరిస్తే ఆ గుంత చిన్నదవుతుంది. లెక్క ప్రకారం ఉండాల్సిన దానికంటే ఒక ఫేజ్ ఎక్కువ కనిపించిందంటే రెండే కారణాలు, ఇంకా సమతౌల్యం రాలేదు, లేదా మనం లెక్కపెట్టని సరుకు ఒకటి కలిసింది.

మళ్ళీ వంటింట్లోకి

తక్కువ వేడికి కరిగే ఇలాంటి మిశ్రమం మన కుక్కర్ మూత మీద కూడా ఉంది. సేఫ్టీ వాల్వ్ అని చిన్న బొత్తాంలా ఉంటుంది, దాని మధ్యలో లోహపు బిళ్ళ. అది కుక్కర్ పనిచేసే 120 డిగ్రీల దగ్గర కరగకూడదు, ఇంకొంత పైకి పోతే కరగాలి.

వెయిట్ ఉండగా అది ఎందుకు? ఒకసారి నీళ్ళు చాలకుండా పప్పు పెట్టి, నేను ఫోన్లో మాట్లాడుతూ మరిచిపోయాను. మాడు వాసన వచ్చేసరికి బిళ్ళ కరిగి ఆవిరి బుస్సుమని పోతోంది. వెయిట్ దాని పని అది చేస్తూనే ఉంది, ఒత్తిడి ఒక కిలో దాటలేదు. లోపల మారింది ఫేజ్‌ల సంఖ్య. చివరి నీటి చుక్క ఇంకిపోగానే రెండు ఫేజ్‌ల్లో ఒకటి పోయింది, ఆవిరి ఒక్కటే మిగిలింది. 1 − 1 + 2 = 2. ఒత్తిడిని వెయిట్ పట్టుకుని ఉన్నా, వేడికి ఇక కళ్ళెం లేదు. 120 దగ్గర నిలబెట్టింది వెయిట్ ఒక్కటే కాదు, దానితోపాటు లోపలి నీళ్ళు.

కొత్త వాల్వ్ కొనుక్కొచ్చి బిగిస్తుంటే అమ్మ అడిగింది, "ఈసారి నీళ్ళు చూసుకున్నావా?" అని.